బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతోందా? టీవీలో ఇన్‌పుట్ ల్యాగ్‌ను కొలిచి తగ్గించే పద్ధతి

మా తమ్ముడు కొత్త 4కే టీవీకి ప్లేస్టేషన్ 5 తగిలించుకుని ఫుట్‌బాల్ గేమ్ మొదలుపెట్టాడు. రెండు రోజులకే విసుగొచ్చింది. పాస్ బటన్ నొక్కితే బంతి కదిలేలోపే ఎదుటి ఆటగాడు వచ్చి లాక్కుపోతున్నాడు. కంట్రోలర్ పాడైందనుకుని ఇంకొకటి తెచ్చాడు. నెట్ బాగోలేదనుకుని కేబుల్ లాగాడు. ఏదీ పని చేయలేదు. అదే కన్సోల్‌ని స్నేహితుడి కంప్యూటర్ మానిటర్‌కి తగిలిస్తే ఆట చక్కగా సాగింది. అంటే తేడా టీవీలోనే ఉంది. ఇలాంటప్పుడు చాలామంది మెనూలో కనిపించినవన్నీ మార్చేస్తారు. ఏది పని చేసిందో వాళ్లకే తెలియదు. మేము ముందు కొలిచి, ఒక్కొక్కటే మార్చి, మళ్లీ కొలిచాం. ఆ పద్ధతి, దాని వెనకున్న కారణాలు ఇక్కడ చెబుతాను.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

మీరు బటన్ నొక్కాక తెరమీద మార్పు కనిపించే వరకు పట్టే సమయమే ఇన్‌పుట్ ల్యాగ్. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఈ సమయంలో మూడు పనులు జరుగుతాయి. కంట్రోలర్ నుంచి కన్సోల్‌కి సంకేతం చేరడం మొదటిది, దీనికి కొద్ది మిల్లీసెకన్లే పడుతుంది. గేమ్ ఆ సంకేతాన్ని చదివి, లెక్క కట్టి, కొత్త బొమ్మ గీయడం రెండోది. దీనికి సాధారణంగా కొన్ని ఫ్రేముల కాలం పడుతుంది. ఆ బొమ్మను టీవీ అందుకుని తెరమీద చూపించడం మూడోది.

టీవీ ఈ మూడో పనిలో ఎందుకు ఆగుతుందంటే, అది బొమ్మను వచ్చింది వచ్చినట్టు చూపించదు. మచ్చలు తుడుస్తుంది, అంచులకు పదును పెడుతుంది, కదలికను నున్నగా చేస్తుంది. అన్నిటికన్నా ఖరీదైనది ఈ చివరిదే. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమ్‌ను కల్పించాలంటే టీవీకి రెండో ఫ్రేమ్ చేతికి రావాలి. కాబట్టి మొదటి ఫ్రేమ్‌ను పట్టుకుని తర్వాతి దాని కోసం ఎదురుచూస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు వస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. ఇలా రెండు మూడు ఫ్రేములు లోపల నిలిచిపోయి, మిగతా పనులూ తోడైతే, టీవీ ఒక్కటే 100 మిల్లీసెకన్ల దాకా తినేయగలదు. సినిమా చూసేటప్పుడు ఇది మనకి తెలియదు, ఎందుకంటే శబ్దాన్ని కూడా టీవీ అంతే ఆలస్యం చేసి జత కలుపుతుంది. ఆటలో మాత్రం బొటనవేలు ముందే నొక్కేసి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. టీవీ వివరాల్లో కనిపించే రెస్పాన్స్ టైమ్ వేరు, ఇన్‌పుట్ ల్యాగ్ వేరు. రెస్పాన్స్ టైమ్ అంటే ఒక పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే వేగం. అది తక్కువైతే కదిలే వస్తువు వెనక తోకలా మసక రాదు, అంతే. డబ్బా మీద 1 మిల్లీసెకను అని రాసి ఉన్నంత మాత్రాన బటన్ వెంటనే స్పందిస్తుందని కాదు.

ముందు కొలవండి

దీనికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ కెమెరా ఉన్న ఫోన్ చాలు. ఆ వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లకు సమానం. కొన్ని ఫోన్లు నిజంగా తీయకుండా మధ్య ఫ్రేముల్ని కల్పిస్తాయి. అనుమానం ఉంటే ముందు ఒక స్టాప్‌వాచ్‌ని వీడియో తీసి, ఒక సెకను గడవడానికి 240 ఫ్రేములు వస్తున్నాయా, ఒక్కో ఫ్రేమ్‌లో అంకె నిజంగా ముందుకు కదులుతోందా చూసుకోండి.

ఫోన్‌ను కదలకుండా నిలబెట్టి, కంట్రోలర్ మీది బొటనవేలు, వెనక టీవీ తెర రెండూ ఒకే ఫ్రేములో కనిపించేలా పెట్టండి. గేమ్‌లో వెంటనే మొదలయ్యే కదలికను ఎంచుకోవాలి. ఎగరడం మంచిదే, కానీ పాత్ర ముందు మోకాళ్లు వంచి తర్వాత ఎగిరే గేమ్ అయితే ఆ వంగడాన్నే ఆరంభంగా లెక్కపెట్టండి. అన్నిసార్లూ అదే గేమ్, అదే చోటు, అదే బటన్ ఉండాలి. తెరమీద మధ్య భాగంలో జరిగే కదలికనే చూడండి. టీవీ పై నుంచి కిందికి బొమ్మను నింపుకుంటూ వస్తుంది కాబట్టి పైన ముందు, కింద తర్వాత మారుతుంది.

పదిసార్లు నొక్కండి. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, బటన్ పూర్తిగా కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి తెరమీద మొదటి మార్పు కనిపించిన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టి, పదింటి సగటు తీయండి. ఒక్క నొక్కుతో తేల్చేస్తే తప్పుతుంది. మీరు ఎప్పుడు నొక్కుతారో గేమ్‌కి తెలియదు. ఒక్కోసారి ఫ్రేమ్ మొదట్లో పడుతుంది, ఒక్కోసారి చివర్లో, కాబట్టి లెక్క నాలుగైదు వీడియో ఫ్రేములు అటూ ఇటూ ఊగుతుంది.

తమ్ముడి టీవీలో మొదటి సగటు 43 ఫ్రేములు వచ్చింది. అంటే దాదాపు 179 మిల్లీసెకన్లు. సెకనులో ఐదో వంతుకి దగ్గర. ఇదంతా టీవీ తప్పు కాదని గుర్తుంచుకోండి. ఇందులో కంట్రోలర్, గేమ్, టీవీ అన్నీ కలిసి ఉన్నాయి. టీవీ వాటా ఎంతో మార్చి చూస్తేనే తెలుస్తుంది.

గేమ్ మోడ్: ఏ పోర్టుకి పెట్టారో చూడండి

గేమ్ మోడ్ చేసేది ఒకటే. పైన చెప్పిన అలంకరణ పనుల్లో ఎక్కువ వాటిని పక్కన పెట్టి, బొమ్మను తిన్నగా తెరకు పంపిస్తుంది. పేర్లు మాత్రం కంపెనీని బట్టి మారతాయి. శాంసంగ్‌లో Game Mode, ఎల్‌జీలో Game Optimizer, సోనీలో పిక్చర్ మోడ్ జాబితాలో Game అని ఉంటుంది.

చాలామంది జారిపోయేది ఇక్కడే. పిక్చర్ సెట్టింగులను టీవీ సాధారణంగా ఒక్కో ఇన్‌పుట్‌కి విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. సెట్‌టాప్ బాక్స్ నడుస్తుండగా గేమ్ మోడ్ పెట్టి, తర్వాత కన్సోల్ ఉన్న పోర్టుకి మారితే అక్కడ పాత మోడే ఉండొచ్చు. వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ బొమ్మకి, మామూలు బొమ్మకి కూడా కొన్ని టీవీలు వేర్వేరు సెట్టింగులు దాచుకుంటాయి. అందుకని కన్సోల్ ఆన్ చేసి, మీరు ఆడే గేమ్ నిజంగా నడుస్తుండగానే మోడ్ మార్చండి.

మోడ్ నిజంగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తుంది. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి కదలికను నున్నగా చేసే ఎంపికను వెతకండి. గేమ్ మోడ్ పని చేస్తుంటే చాలా టీవీల్లో అది నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులోకి మారిపోయి ఉంటుంది. అది ఇంకా ఆన్ చేసే వీలుంటే రెండు కారణాలు ఉండొచ్చు: మోడ్ పట్టకపోవడం, లేదా మీ టీవీ గేమ్ మోడ్‌లో కూడా దాన్ని అనుమతించడం. శాంసంగ్‌లో Game Motion Plus అలాంటిదే. దాన్ని ఆఫ్‌లో ఉంచండి. పేరులో గేమ్ అని ఉన్నా అది ఫ్రేములు కల్పించే పనే, ఆలస్యం పెంచుతుంది.

కొత్త టీవీల్లో, కన్సోళ్లలో ALLM అనే సౌకర్యం ఉంటుంది. గేమ్ మొదలవగానే కన్సోల్ టీవీకి కబురు పంపి గేమ్ మోడ్‌ను తనంతట తానే ఆన్ చేయిస్తుంది. బాగా పని చేస్తుంది, కానీ మధ్యలో సౌండ్‌బార్ గానీ స్విచ్ బాక్స్ గానీ ఉంటే ఆ కబురు టీవీకి చేరకపోవచ్చు. అప్పుడు చేత్తోనే పెట్టుకోవాలి.

బొమ్మ వెలిసినట్టు ఉందని గేమ్ మోడ్ తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మొదటి రోజు నిజంగానే చప్పగా అనిపిస్తుంది. అయితే వెలుగు, కాంట్రాస్ట్, రంగు, కలర్ టెంపరేచర్ లాంటివి గేమ్ మోడ్ లోపలే మార్చుకోవచ్చు. వాటివల్ల ఆలస్యం చెప్పుకోదగ్గంతగా పెరగదు. వాటిని మీ కంటికి నచ్చేలా సరిచేసుకోండి, మోడ్ మాత్రం వదలకండి.

తమ్ముడి టీవీలో ఈ ఒక్క మార్పు చేసి మళ్లీ పదిసార్లు నొక్కి లెక్కపెడితే సగటు 22 ఫ్రేములకు దిగింది. అంటే 92 మిల్లీసెకన్లు. గేమ్ అదే, కంట్రోలర్ అదే, కాబట్టి తగ్గిన 21 ఫ్రేములు, దాదాపు 88 మిల్లీసెకన్లు, పూర్తిగా టీవీ పనులవే. కొత్త కంట్రోలర్ కొన్న డబ్బు అనవసరం అయిందని వాడికి అప్పుడే అర్థమైంది.

రిఫ్రెష్ రేట్ ఎందుకు తోడ్పడుతుంది

గేమ్ మోడ్ తర్వాత టీవీ వాటా చాలా చిన్నది. 60 హెర్ట్జ్ దగ్గర, అంటే తెర సెకనుకి 60 సార్లు మారేటప్పుడు, దాని మధ్యలో కొలిస్తే 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల వచ్చే టీవీలు చాలా ఉన్నాయి. ఇందులో సగానికి పైగా తప్పించలేనిది. ఫ్రేమ్ పై నుంచి కిందికి రావడానికి 16.7 మిల్లీసెకన్లు పడితే, మధ్యకి చేరడానికే 8.3 పడుతుంది కదా. కాబట్టి ఒక టీవీకి 9, ఇంకోదానికి 11 అని ఎక్కడైనా చదివి తల పట్టుకోకండి. ఆ తేడా చేతికి అందదు.

ఇక మిగిలింది గేమ్ వాటా. 120 హెర్ట్జ్ దీన్నే కోస్తుంది. బటన్ చదివి, లెక్క కట్టి, గీసి, పంపడానికి ఒక గేమ్‌కి నాలుగు ఫ్రేముల కాలం పడుతుందనుకోండి. సెకనుకి 60 ఫ్రేములైతే అది 67 మిల్లీసెకన్లు. 120 ఫ్రేములైతే అదే నాలుగు ఫ్రేములకు 33 చాలు. దీనికి తోడు తెర మధ్యకి చేరే సమయం కూడా 8.3 నుంచి 4.2కి తగ్గుతుంది. అంటే ఎక్కువ లాభం తెర వేగం వల్ల కాదు, గేమ్ కూడా ఆ వేగంతో నడవడం వల్ల వస్తుంది. సెకనుకి 30 ఫ్రేములే గీసే గేమ్‌ని 120 హెర్ట్జ్ టీవీలో ఆడినా లాభం కొద్దిగానే ఉంటుంది.

120 హెర్ట్జ్ నిజంగా రావాలంటే

ముందు మీ టీవీ ప్యానెల్ ఏదో తెలుసుకోండి. డబ్బా మీద మోషన్ రేట్ 240 లాంటి అంకెలు రాసి ఉంటే వాటిని పక్కన పెట్టండి. అవి ప్రచారం కోసం పెట్టిన లెక్కలు, ప్యానెల్ 60 హెర్ట్జ్‌దే కావొచ్చు. స్పెసిఫికేషన్లలో నేటివ్ రిఫ్రెష్ రేట్ అని రాసిన అంకె కావాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉంటే ఇంకా సులువు. TV & display options లో 4K TV details తెరిస్తే టీవీ ఏది అందుకుంటుందో, ఏది అందుకోదో ఒక్కో వరుసలో చూపిస్తుంది. ప్యానెల్ 60 హెర్ట్జ్‌దైతే ఈ భాగం వదిలేయండి. గేమ్ మోడ్‌తో మీకు రావాల్సినదాంట్లో చాలా భాగం వచ్చేసింది.

120 అయితే మూడు చోట్ల దారి తెరవాలి. మొదటిది పోర్టు. 4కేని 120 హెర్ట్జ్ దగ్గర పూర్తి నాణ్యతతో తీసుకోవడానికి హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి. చాలా టీవీల్లో నాలుగు పోర్టులుంటే రెండే ఇలాంటివి. వాటి పక్కన 4K 120Hz అనో, గేమ్ గుర్తో ముద్రించి ఉంటుంది. వాటిలో ఒకటి సౌండ్‌బార్ తగిలించే ఈఆర్క్ పోర్టే కావడం తరచూ జరుగుతుంది. అప్పుడు కన్సోల్‌ని రెండో పోర్టుకి పెట్టండి. సౌండ్‌బార్ గుండా కన్సోల్‌ని పంపిస్తే, పాత సౌండ్‌బార్ 60 దగ్గరే ఆపేస్తుంది.

రెండోది టీవీలో ఆ పోర్టుకి అనుమతి. చాలా టీవీలు పాత పరికరాలతో ఇబ్బంది రాకుండా పోర్టును తక్కువ స్థాయిలో ఉంచుతాయి. శాంసంగ్‌లో Input Signal Plus, ఎల్‌జీలో HDMI Deep Color, సోనీలో HDMI signal format అనే పేర్లతో ఇది ఉంటుంది. కన్సోల్ ఉన్న పోర్టుకి దీన్ని ఎక్కువ స్థాయిలోకి మార్చండి. మార్చగానే తెర ఒక్క క్షణం నల్లగా అయి తిరిగి వస్తుంది, టెన్షన్ పడనవసరం లేదు.

మూడోది కేబుల్. కన్సోల్‌తో వచ్చిందే వాడండి. పొడవు చాలక వేరేది కొనాల్సి వస్తే, Ultra High Speed అని ధ్రువీకరణ లేబుల్ ఉన్నదే తీసుకోండి. కేబుల్ సరిపోకపోతే ఆలస్యం పెరగదు. తెర నల్లబడుతుంది, మెరుపు చుక్కలు వస్తాయి, లేదా 120 ఎంపికే కనిపించదు. ఈ గుర్తులు చూస్తే సెట్టింగుల్లో వెతకడం ఆపి కేబుల్ మార్చండి.

తర్వాత కన్సోల్. ప్లేస్టేషన్ 5లో Settings, Screen and Video, Video Output లోకి వెళ్లి 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌నీ, ALLM నీ Automatic లో పెట్టండి. ఇది మాత్రమే చాలదు. Saved Data and Game/App Settings లో Game Presets అని ఉంటుంది. అక్కడ Performance Mode ఎంచుకోండి. అయినా కొన్ని గేములు వాటి సొంత మెనూలో మళ్లీ అడుగుతాయి, అక్కడా 120 ఆన్ చేయాలి. ప్లేస్టేషన్ 5 హోమ్ తెర 60 దగ్గరే ఉంటుంది, 120ని అనుమతించే గేమ్ మొదలైతేనే మారుతుంది. కాబట్టి హోమ్ తెరమీద చూసి పని చేయలేదని అనుకోకండి. గేమ్ నడుస్తుండగా టీవీ సమాచార పట్టీని తెరిచి చూడండి. చాలా టీవీల గేమ్ మెనూలో ప్రస్తుత హెర్ట్జ్ అంకె కనిపిస్తుంది.

ఎక్స్‌బాక్స్‌లో TV & display options లో Refresh rate ని 120 Hz చేసి, Video modes లో Allow variable refresh rate, Allow auto low-latency mode రెండూ టిక్ చేయండి. కంప్యూటర్ అయితే విండోస్‌లో Advanced display లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మీరే ఎంచుకోవాలి. టీవీ తగిలించగానే 60 దగ్గర ఆగిపోవడం చాలా మామూలు.

VRR ఎప్పుడు పెట్టాలి

గేమ్ అన్నివేళలా సరిగ్గా 120 ఫ్రేములు గీయలేకపోవచ్చు. పేలుళ్లు ఎక్కువైనప్పుడు 100కి, 90కి పడిపోతుంది. మామూలుగా అయితే టీవీ తన తాళంలో తాను వెళ్తుంది. కొత్త ఫ్రేమ్ కొంచెం ఆలస్యమైతే పాతదాన్నే మళ్లీ చూపిస్తుంది, కొత్తది తర్వాతి వంతు వరకు ఆగాలి. అప్పుడు ఒక్క కుదుపులా అనిపిస్తుంది. VRR, అంటే variable refresh rate, ఆన్ చేస్తే టీవీయే గేమ్ తాళానికి తన తాళాన్ని సర్దుకుని, ఫ్రేమ్ వచ్చిన వెంటనే చూపిస్తుంది. ప్లేస్టేషన్ 5లో ఇది 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పని చేస్తుంది. గేమ్ 48 కన్నా కిందికి పడితే దీని ఉపయోగం సాధారణంగా పోతుంది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఓఎల్‌ఈడీ టీవీల్లో ఫ్రేముల వేగం బాగా ఊగుతున్నప్పుడు చీకటి గదులు, రాత్రి దృశ్యాల్లో బూడిద రంగు సన్నగా మినుకుమినుకుమంటుంది. టీవీ పాడవలేదు. కంటికి అడ్డంగా ఉంటే ఆ ఒక్క గేమ్‌కి VRR ఆపేయండి. స్థిరంగా 60 గీసే గేమ్‌కి అది లేకపోయినా నష్టమేమీ లేదు.

కంప్యూటర్‌లో VRR వాడుతుంటే ఫ్రేముల పరిమితిని 120కి కాస్త కిందగా, 116 దగ్గర పెట్టండి. గేమ్ 120ని తాకితే, ఫ్రేములను తెర వేగానికి కట్టిపడేసే వీసింక్ అడ్డుపడి ఫ్రేములు వరసలో నిలిచిపోతాయి, ల్యాగ్ మళ్లీ పెరుగుతుంది.

తెర నల్లగా ఉండిపోతే

120 పెట్టగానే బొమ్మ రాకుండా పోతే కన్సోల్ పాడైందని భయపడకండి. ప్లేస్టేషన్ 5ని పూర్తిగా ఆపి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని రెండో బీప్ వినగానే వదిలితే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, వీడియో అవుట్‌పుట్ మార్చే ఎంపికలో రిజల్యూషన్ మార్చండి. తర్వాత కేబుల్, పోర్టు ఒక్కొక్కటే మార్చి చూడండి.

ఆలస్యంలా అనిపించినా టీవీది కానిది ఇంకోటి ఉంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో ఆడుతుంటే తుపాకీ శబ్దం ఆలస్యంగా వస్తుంది, బొమ్మ సమయానికే మారుతుంది. శబ్దం ఆపేసి ఆడి చూడండి. ఇబ్బంది పోతే తప్పు హెడ్‌ఫోన్స్‌ది. ఆన్‌లైన్ మ్యాచ్‌లో మాత్రమే ఆలస్యం వచ్చి, ఒంటరిగా ఆడేటప్పుడు లేకపోతే అది నెట్ సంగతి, గేమ్ మోడ్ దాన్ని ముట్టుకోలేదు.

మా తమ్ముడి ఫుట్‌బాల్ గేమ్‌లో 120 మోడ్ లేదు, కాబట్టి వాడి 92 మిల్లీసెకన్లు అక్కడే ఆగాయి. 120 ఉన్న ఒక షూటింగ్ గేమ్‌ని విడిగా కొలిచాం. 60 దగ్గర 22 ఫ్రేములు వచ్చింది, 120 ఆన్ చేస్తే 14కి, అంటే 58 మిల్లీసెకన్లకు దిగింది. ఆ 58లో టీవీది కొద్ది భాగమే, మిగతాది గేమ్ సొంత పని. అక్కడ ఇంక ఏ సెట్టింగూ తిప్పలేదు. రెండు నెలల తర్వాత టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక పాస్ మళ్లీ లేటవుతోందన్నాడు. వెళ్లి చూస్తే ఆ పోర్టు సెట్టింగులు మొదటికి వచ్చి, కదలికను నున్నగా చేసే ఎంపిక మళ్లీ ఆన్ అయి ఉంది.